ఎవరికి, ఎంతసేపు? కరెంటు నిలిపివేత ప్రకటన రాయడం, చదవడం

జిల్లా పేజీల్లో ఓ మూల దాదాపు ప్రతిరోజూ కనిపించే వార్త ఒకటుంది. లైన్ల మరమ్మతుల కారణంగా శనివారం ఉదయం 9 గంటల నుంచి మధ్యాహ్నం 1 గంట వరకు 11 కేవీ మార్కెట్ ఫీడరు పరిధిలోని రామాలయం వీధి, గడియారం సెంటర్ తదితర ప్రాంతాల్లో విద్యుత్ సరఫరాకు అంతరాయం కలుగుతుందని, వినియోగదారులు సహకరించాలని ఏఈ ఒక ప్రకటనలో కోరారు. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా దీన్ని చదివిన మిల్లు యజమానికి ఆ రోజు కూలీలను రమ్మనాలో వద్దో తేలదు. పక్క వీధిలో అద్దెకుండే అమ్మాయికి తన ఆన్‌లైన్ పరీక్ష సంగతేమిటో అర్థం కాదు. కారణం చిన్నదే. ప్రకటన రాసినాయన సబ్‌స్టేషన్ నుంచి బయటికి చూస్తూ రాశాడు. చదివేవాళ్లు తమ ఇంటి స్విచ్‌బోర్డు దగ్గర నిలబడి చదువుతున్నారు. ఫీడరు అనేది డిపార్టుమెంటు లెక్క, వీధి అనేది జనం లెక్క. షట్‌డౌన్ వేళలు మనుషులు స్తంభమెక్కి పనిచేసుకోవడానికి తీసుకున్న గడువు. ఇంట్లో ఫ్యాను ఆగే సమయం దానితో అచ్చంగా సరిపోవాలని లేదు. ఈ రెండు లెక్కల మధ్య తేడాను పూడ్చే పని రాసేవాడిదేనని, అది అనుకున్నంత కష్టం కూడా కాదని ఈ అధ్యాయం చెప్పదలచుకుంది. మీరు సెక్షన్ ఆఫీసులో పనిచేస్తున్నా, పంచాయతీలో చాటింపు వేయించేవారైనా, అపార్టుమెంటు సంఘం గ్రూపులో ఆ ప్రకటనను ముందుకు పంపేవారైనా ఇది మీకూ పనికొస్తుంది.

మొదట సమయం సంగతి చూద్దాం. 9 నుంచి 1 వరకు అంటే నాలుగు గంటల పని అనుకుంటాం. స్తంభం మీద జరిగే పని అంతసేపు ఉండదు. 33/11 కేవీ సబ్‌స్టేషన్లో ఉండే ఆపరేటరు నుంచి ముందు ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, తీసుకోవాలి. ఆపరేటరు ఆ ఫీడరు బ్రేకరును ట్రిప్ చేసి, ఐసొలేటరు తెరిచి, మనుషులు పనిచేస్తున్నారన్న బోర్డు తగిలించి, ఎవరికి ఎన్నింటికి ఎల్‌సీ ఇచ్చాడో రిజిస్టరులో రాసుకుంటాడు. అటు లైన్ మీద ఉన్న సిబ్బంది ఏబీ స్విచ్ తెరిచి, మూడు తీగలూ నిజంగా విడిపోయాయో లేదో కింద నుంచి కళ్లారా చూడాలి. లైన్లో కరెంటు లేదని పరీక్షించి నిర్ధారించుకోవాలి. పనిచేసే చోటికి రెండు వైపులా ఎర్త్ రాడ్లు తగిలించి తీగలను భూమికి కలపాలి. ఇదంతా అయ్యాకే లైన్‌మన్ స్తంభమెక్కాలి. తిరుగు ప్రయాణమూ అంతే. మనుషులందరూ దిగారని లెక్క చూసుకోవాలి, రాడ్లు తీయాలి, స్విచ్ మూయాలి, ఎల్‌సీ తిరిగి అప్పగించాలి, అప్పుడు ఆపరేటరు లైన్ చార్జ్ చేయాలి. ముందో అరగంట, వెనకో అరగంట దీనికే పోతుంది. ఆ గంటను మిగిల్చుకోవాలని చూసేవాడు ప్రాణాలతో చెలగాటమాడుతున్నట్టే. కాబట్టి రెండు కొమ్మలు కొట్టడానికి నాలుగు గంటలెందుకని విసుక్కునేవారు ఈ వరుసను ఒకసారి గుర్తుచేసుకోవాలి.

ముగింపు వేళ జారిపోవడానికి ఇంకో కారణముంది. అది బయటివాళ్లకు దాదాపు తెలియదు. ఒక ఫీడరుకు షట్‌డౌన్ దొరికిందంటే ఆ అవకాశంలోనే చేయాల్సిన పనులన్నీ పెట్టుకుంటారు. ఒక జట్టు వేపకొమ్మలు కొడుతుంది, ఇంకొకటి పగిలిన ఇన్సులేటరు మారుస్తుంది, మూడోది రెండు స్తంభాల మధ్య తీగ వేలాడుతున్న చోట నడిమి స్తంభం పాతుతుంది. పద్ధతి ప్రకారం ఎవరి ఎల్‌సీ వారిదే. ఎవరు తీసుకున్నది వాళ్లే తిరిగి అప్పగించాలి. మొదటి రెండు జట్లు పన్నెండింటికే ముగించినా, మూడో జట్టుకు గుంటలో బండ తగిలితే ఫీడరు మొత్తం ఆగిపోవాల్సిందే. ఇక్కడ ఆలస్యమంటే నిర్లక్ష్యం కాదు, చేయాల్సిన పద్ధతే అది. కానీ ఆ విషయం ప్రకటనలో ఎక్కడా ఉండదు గనక 1 గంట దాటిన మరుక్షణం ఫోన్లు మొదలవుతాయి. తీగ బిగిస్తున్న మనిషి జేబులోనే ఆ ఫోన్ మోగుతుంది.

ఇక ఎవరికి అన్న ప్రశ్న. ఇక్కడే ఉదాహరణ తీసుకుని కాస్త నిదానంగా చూడాలి. ఓ చిన్న పట్టణంలో మార్కెట్ ఫీడరు మీద 14 ట్రాన్స్‌ఫార్మర్లు ఉన్నాయనుకుందాం. సబ్‌స్టేషన్ నుంచి గడియారం సెంటర్ దాకా 5, అక్కడొక ఏబీ స్విచ్. ఆ తర్వాత రామాలయం వీధి, కుమ్మరి వీధి, పాత పోస్టాఫీసు సందు కలిపి మరో 5, వాటి చివర ఇంకో ఏబీ స్విచ్. ఆపైన శివాలయం వెనక కాలనీకి మిగతా 4. కాలనీ కొసన ఈ లైను కాలేజీ ఫీడరు లైనుకు చేరువగా వెళ్తుంది, రెండింటినీ కలపడానికి అక్కడా ఒక స్విచ్ ఉంది, మామూలు రోజుల్లో అది తెరిచే ఉంటుంది. పని మాత్రం మధ్య భాగంలోనే, రామాలయం వీధిలో వదులైన తీగలు మార్చడం. ఉదయం 9 గంటలకు బ్రేకరు ట్రిప్ చేయగానే 14 ట్రాన్స్‌ఫార్మర్లకూ కరెంటు పోతుంది. సిబ్బంది మధ్య భాగానికి అటూ ఇటూ ఉన్న రెండు ఏబీ స్విచ్‌లనూ తెరిచి, తాళాలు వేసి, రెండు కొసలా ఎర్త్ చేస్తారు. అప్పుడు మొదటి 5 ట్రాన్స్‌ఫార్మర్ల దాకా లైను మళ్లీ చార్జ్ చేయవచ్చు. చివరి 4 ట్రాన్స్‌ఫార్మర్లకు కాలేజీ ఫీడరు నుంచి ఇవ్వవచ్చు, ఆ ఫీడరు లోడు మోయగలిగితేనే సుమా. ఈ సర్దుబాటుకు ఇరవై నిమిషాలు పడుతుందనుకుంటే, నాలుగు గంటలూ చీకట్లో ఉండేది మధ్యలోని 5 ట్రాన్స్‌ఫార్మర్ల కింద ఉన్న ఇళ్లే. మిగతా 9 ట్రాన్స్‌ఫార్మర్ల వారికి పొద్దున ఇరవై నిమిషాలు, పని ముగిశాక మళ్లీ ఇరవై నిమిషాలు పోతుంది. ఏబీ స్విచ్‌ను లోడు మీద ఉండగా తెరవడం, మూయడం చేయకూడదు గనక రెండోసారి ఆపడం తప్పదు.

ఇప్పుడు మొదట చూసిన ప్రకటనను దీని పక్కన పెట్టండి. గడియారం సెంటర్ పేరు అందులో ఉంది, కాబట్టి అక్కడి జిరాక్స్ షాపాయన పొద్దుటి బేరం వదులుకుని ఇంటిపట్టున ఉంటాడు. నిజానికి అతనికి పోయేది రెండుసార్లు కలిపి నలభై నిమిషాలు. కుమ్మరి వీధి పేరు అసలు లేదు, అది తదితరలో కలిసిపోయింది. అక్కడి దర్జీ మాత్రం శనివారం ఇస్తానని పెళ్లి జాకెట్లు ఒప్పుకుని కూర్చుంటాడు. నాలుగు గంటలూ మిషన్ ఆగేది అతనిదే. అవసరం లేనివాడు నష్టపోయాడు, అవసరమున్నవాడికి కబురే అందలేదు. ఒకే ప్రకటన ఈ రెండు పనులూ చేసింది. ఫీడరు పేరు రాశాం కదా అనేది దీనికి జవాబు కాదు. తన ఇల్లు ఏ ఫీడరు కింద ఉందో చెప్పగల గృహస్థులు ఏ ఊళ్లోనైనా వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటారు.

అదే ప్రకటనను ఇలా రాయవచ్చు. "శనివారం ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 వరకు రామాలయం వీధి, కుమ్మరి వీధి, పాత పోస్టాఫీసు సందుల్లో పూర్తిగా కరెంటు ఉండదు (ట్రాన్స్‌ఫార్మర్ నంబర్లు 6 నుంచి 10). సబ్‌స్టేషన్ రోడ్డు, గడియారం సెంటర్, శివాలయం వెనక కాలనీలకు ఉదయం 9 గంటలకు ఒకసారి, పని ముగిశాక మరోసారి సుమారు 20 నిమిషాలు కరెంటు పోతుంది. వదులైన 11 కేవీ తీగలు మారుస్తున్నాం. పని ముందే ముగిస్తే కరెంటు ముందే వస్తుంది, ఎవరూ తీగల జోలికి వెళ్లవద్దు. ఆలస్యమయ్యేలా ఉంటే మధ్యాహ్నం 12.30కి మళ్లీ తెలియజేస్తాం. వర్షం పడితే పని ఆదివారం ఇవే వేళల్లో జరుగుతుంది." మొదటిదానికంటే ఐదారు వరుసలు పెరిగింది, అంతే. ఇందులో ఉన్న ప్రతి సంగతీ రాసే ఇంజినీరుకు ముందు రోజే తెలిసినది. ఏ స్విచ్‌లు తెరవాలో తేల్చుకోకుండా ఎవరూ షట్‌డౌన్‌కు అనుమతి అడగరు కదా.

నిబంధనల వైపు నుంచి చూసినా ఇది అదనపు మర్యాద ఏమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి 2004లో తెచ్చిన సేవా ప్రమాణాల ప్రకారం ముందుగా అనుకున్న నిలిపివేతను కనీసం 24 గంటల ముందు తెలియజేయాలి, అది రోజులో 12 గంటలు మించకూడదు, సాయంత్రం 6 గంటలకల్లా సరఫరా తిరిగి ఇవ్వాలి. కేంద్రం 2020లో తెచ్చిన వినియోగదారుల హక్కుల నియమాలు కూడా ఇలాంటి నిలిపివేతల వివరాలు వినియోగదారులకు చెప్పాలనే అంటున్నాయి. వివరాలు అన్నప్పుడు పేరుకు ఓ వార్త వేయించడం కాదని, తనకు వర్తిస్తుందో లేదో చదివినవాడికి తెలిసేలా ఉండాలని అర్థం చేసుకోవడమే సబబు. పేరు రాయని వీధికి ముందస్తు కబురు అందిందని ఏ లెక్కన చెప్పగలం?

దీనికి డిపార్టుమెంటు వైపు నుంచి వచ్చే అభ్యంతరాల్లో బలమైనది ఇది. ఇంత కచ్చితంగా రాస్తే రేపు అది తప్పినప్పుడు మమ్మల్నే పట్టుకుంటారు, కాలేజీ ఫీడరు ఆ రోజు లోడు మోయలేకపోతే శివాలయం కాలనీకి నాలుగు గంటలూ పోతుంది, ఇరవై నిమిషాలన్నారు కదా అని నిలదీస్తారు. భయం న్యాయమైనదే. కానీ అస్పష్టంగా రాసినంత మాత్రాన ఆ నిలదీత తప్పుతోందా? ఇప్పుడు పద్నాలుగు ట్రాన్స్‌ఫార్మర్ల జనమూ అడుగుతున్నారు. కచ్చితంగా రాస్తే మాట తప్పిన చోటివాళ్లే అడుగుతారు. పైగా అనుమానమున్న భాగాన్ని అనుమానంగానే రాసే వీలుంది. కాలనీకి వేరే లైను నుంచి ఇవ్వడానికి ప్రయత్నిస్తాం, కుదరకపోతే వారికీ 1 గంట వరకు ఉండదు అని ఒక్క వాక్యం చాలు. ప్రత్యామ్నాయ లైనే లేని పల్లెటూరి ఫీడర్లలో అయితే పని జరిగే చోటు నుంచి కొస దాకా అందరికీ పూర్తిగా పోతుంది. అక్కడ ప్రకటన రాయడం ఇంకా సులువు.

పత్రికలో నాలుగు వరుసలకు మించి చోటివ్వరు అనేది రెండో అభ్యంతరం. నిజమే, ఇవ్వరు. అయితే పూర్తి పాఠం వెళ్లాల్సింది సర్వీసు నంబరుకు అనుసంధానమైన ఫోన్లకు, వార్డు గ్రూపులకు, పంచాయతీ మైకుకు. పత్రికకు పూర్తిగా పోయే వీధుల పేర్లిస్తే చాలు. ఇక్కడ వినియోగదారుల వైపు కూడా ఒక లోపముంది. చాలా అద్దె ఇళ్లలో సర్వీసుకు కలిపి ఉన్న మొబైల్ నంబరు యజమానిది, కొత్త అపార్టుమెంటయితే ఒక్కోసారి కట్టినాయనది. కబురు వెళ్తుంది కానీ హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉన్న మనిషికి వెళ్తుంది. బిల్లు మీద ఉన్న సర్వీసు నంబరుతో సెక్షన్ ఆఫీసుకు వెళ్లి, లేదా మీ డిస్కమ్ యాప్‌లో, నంబరు మార్పించుకోవచ్చు. అద్దెకున్నవారు యజమానితో ఒక మాట అనుకుని ఆ పని చేయించుకుంటే ఈ చిక్కు తీరుతుంది. అలాగే మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీదో స్తంభం మీదో దాని నంబరు పెయింటుతో రాసి ఉందేమో చూసి గుర్తుపెట్టుకోండి. వీధి పేర్లు ఒకరికి ఒకలా, మరొకరికి మరోలా ఉంటాయి, నంబరుకు ఆ పేచీ లేదు. 1912కు ఫోన్ చేసినప్పుడు కూడా అది చెబితే అవతలివారికి వెతుకులాట తప్పుతుంది.

నీళ్ల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ప్రకటనల్లో తరచూ మరిచిపోయేది ఇదే. కరెంటు పోయే వీధులు, నీళ్లు రాని వీధులు ఒకటి కావు. మంచినీళ్ల ట్యాంకుకు నీరెక్కించే మోటారు రామాలయం వీధి ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉంటే, శనివారం పొద్దున ట్యాంకు నిండదు. కరెంటు పోని కాలేజీ వైపు ఇళ్లకు కూడా ఆ సాయంత్రం కుళాయి రాదు. కాబట్టి ప్రకటన ముందుగా చేరాల్సింది మున్సిపాలిటీ లేదా పంచాయతీ నీటి సిబ్బందికి, వాళ్లు తెల్లవారుజామునే ట్యాంకు నింపుకునేలా. ఇంట్లో ఆక్సిజన్ యంత్రం మీద ఉన్న రోగులు, పాల శీతల కేంద్రాలు, పరీక్షా కేంద్రాల విషయంలోనూ ఇంతే. ఇలాంటివి ఆ పరిధిలో ఏమున్నాయో లైన్‌మన్‌కు బాగా తెలుసు. అతన్ని అడిగితే చాలు.

అన్నిటికంటే ఎక్కువగా చదివేవారు తప్పుగా అర్థం చేసుకునేది ముగింపు వేళను. 1 గంట వరకు కరెంటు ఉండదు అంటే అంతవరకు తీగలు నిర్జీవంగా ఉంటాయని హామీ ఇచ్చినట్టు తీసుకుంటారు. డాబా మీదికి వంగిన కొమ్మ ఈ వేళలోనే కొట్టేద్దామని, సర్వీసు వైరు వదులైతే స్తంభం దగ్గర తామే బిగించుకుందామని నిచ్చెన వేస్తారు. పని పదకొండున్నరకే అయిపోతే ఆపరేటరు ఆ క్షణమే లైను చార్జ్ చేస్తాడు. అతనికి ఎల్‌సీ అప్పగించినవాళ్లు తెలుసు కానీ మీ నిచ్చెన తెలియదు. ముందే ఇవ్వకుండా 1 గంట దాకా ఆపి ఉంచితే సరిపోతుంది కదా అంటారు కొందరు. వేసవిలో గంటన్నర ముందు ఇవ్వగలిగిన కరెంటును ఊరికే ఆపడం ఎవరికీ నచ్చదు, ఆపనక్కర్లేదు కూడా. పైగా ఒకే స్తంభాల మీద రెండు ఫీడర్ల తీగలు వెళ్లే చోట్లుంటాయి, షట్‌డౌన్ ఒకదానికే ఉంటుంది. అందుకే ముందే రావచ్చు అన్న వాక్యం ప్రకటనలో తప్పనిసరిగా ఉండాలి.

ప్రమాదం అటు నుంచి ఇటే కాదు, ఇటు నుంచి అటు కూడా వెళ్తుంది. షట్‌డౌన్ కదా అని చిన్న జనరేటరు తెచ్చి, దాని వైరును ఇంట్లో ఏదో ప్లగ్గులో గుచ్చేవాళ్లున్నారు. మధ్యలో చేంజోవర్ స్విచ్ లేకపోతే ఆ కరెంటు మీటరు దాటి వీధి లైనులోకి, అక్కడి నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి ఎదురెక్కుతుంది. 11,000 వోల్టులను తగ్గించి ఇంటికిచ్చే ట్రాన్స్‌ఫార్మరే, అటు నుంచి 230 వోల్టులు తగిలితే పైతీగల మధ్య సుమారు 10,000 వోల్టులు పుట్టిస్తుంది. చాలాసార్లు ఇరుగుపొరుగు లోడు మీదపడి ఆ జనరేటరు ఆగిపోతుందన్న మాట నిజమే. కానీ ప్రకటన చదివి అందరూ మెయిన్లు కట్టేసుకున్న రోజున ఆ లోడు కూడా ఉండకపోవచ్చు. లైన్‌మన్ రెండు వైపులా ఎర్త్ చేసేది ఇలాంటి కరెంటు నుంచి కాపాడుకోవడానికి కూడా. గ్రిడ్‌కు కలిపిన సోలార్ ఇన్వర్టర్లు లైనులో కరెంటు లేకపోతే వాటంతటవే ఆగిపోయేలా తయారవుతాయి. చేంజోవర్ లేకుండా పెట్టిన జనరేటరుకు ఆ తెలివి లేదు.

శనివారం ఉదయం 9 గంటలకు మీరు చేయాల్సిన పని కొంచెమే. ఏసీ, నీళ్ల మోటారు, గీజరు స్విచ్‌లు ఆఫ్ చేసి ఉంచండి. ఊరంతా ఒక్కసారిగా లాగితే చార్జ్ చేసిన ఫీడరు మళ్లీ ట్రిప్ అవుతుంది, అప్పుడు ఇంకో పావుగంట పోతుంది. జనరేటరు వాడాలంటే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో చేంజోవర్ పెట్టించాకే వాడండి. కొమ్మ కొట్టాలంటే 1912కు ఫోన్ చేసి మీ ట్రాన్స్‌ఫార్మర్ నంబరు చెప్పండి, స్తంభం ఎక్కేవాళ్లే వచ్చి కొడతారు.